ఒక్క కాయిన్‌కి ఎన్ని లైఫ్‌లు?

తొమ్మిది, ఎనిమిది, ఏడు... తెర మీద అంకెలు దిగిపోతుంటాయి. సున్నా అయ్యేలోపు ఇంకో నాణెం వేస్తేనే ఆట సాగుతుంది. ఒక చెయ్యి జాయ్‌స్టిక్ మీద, ఇంకో చెయ్యి జేబులో. పక్కనున్నవాడు "వెయ్యరా, వెయ్యి, అయిపోతోంది" అని అరుస్తుంటాడు. 90ల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ పార్లర్‌కి వెళ్లినవాళ్లకి ఆ పది అంకెల టెన్షన్ గుర్తుండే ఉంటుంది. అందరూ 'ముస్తఫా' అని పిలిచిన ఆటలో అయితే మరీను. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చింది. ముస్తఫా అందులో ఒక పాత్ర మాత్రమే. మనవాళ్లు ఆటకే ఆ పేరు పెట్టేసుకున్నారు.

మూడు లైఫ్‌లు, కంటిన్యూ, గేమ్ ఓవర్ అనేవి వీడియో గేమ్‌తో పాటే పుట్టిన సహజ నియమాల్లా మనం తీసుకున్నాం. ఇంట్లో ఆడే ఆటల్లో కూడా అవే కనిపించేసరికి ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. నిజానికి వాటిలో ప్రతిదీ కాయిన్ బాక్స్ లెక్క నుంచి పుట్టింది. ఆ లెక్క ఎవరిదో ముందు తెలిస్తే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

ఆర్కేడ్ మెషిన్ వ్యాపారంలో ముగ్గురుంటారు. ఆటను తయారుచేసిన కంపెనీ మెషిన్‌ని ఒక్కసారి అమ్ముకుంటుంది. దాన్ని కొన్నవాడు ఆపరేటర్. అతను దాన్ని ఏ బార్‌లోనో, పిజ్జా షాపులోనో పెట్టి, వారం వారం వచ్చి పెట్టె తెరిచి నాణేలు లెక్కపెడతాడు. ఆ చోటు యజమానికి అందులో వాటా ఇస్తాడు. అమెరికాలో సగం సగం పంచుకోవడం మామూలు పద్ధతి. ఆటగాడు ఆనందిస్తున్నాడా లేదా అన్నది ఆపరేటర్‌కి తెలిసేది ఆ పెట్టె బరువును బట్టే. బరువు తగ్గితే వచ్చే ఏడు ఆ కంపెనీ మెషిన్ కొనడు. అంటే ఆట తయారుచేసేవాడు ఆటగాడితో పాటు ఆపరేటర్‌కి కూడా నచ్చేలా చెయ్యాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ రోజుల్లో అమెరికాలో ఆట ధర పావు డాలరు, అంటే వాళ్ల పావలా. మెషిన్ మింగేది ఆ ఒక్క నాణేన్నే. బియ్యం ధర పెరిగినట్టు ఆట ధరని ఐదు పైసలో పది పైసలో పెంచే వీలు లేదు. రెండు నాణేలు చేస్తే ధర ఒక్కసారిగా రెట్టింపవుతుంది, జనం పక్క మెషిన్‌కి పోతారు. ధర కదలనప్పుడు కదిలించగలిగేది ఒక్కటే, ఆ నాణేనికి ఎంతసేపు ఆట ఇస్తామన్నది.

మొదట్లో ఆ కొలత నేరుగా గడియారంతోనే జరిగింది. 1971 నాటి కంప్యూటర్ స్పేస్‌లో ఒక నాణేనికి కొన్ని పదుల సెకన్ల ఆట వచ్చేది. 1976 నాటి సీ వుల్ఫ్‌లో పెరిస్కోప్‌లోంచి ఓడల్ని పేల్చాలి. టైమ్ అయ్యేలోపు తగినంత స్కోరు వస్తే కాస్త అదనపు టైమ్ దొరుకుతుంది. ఆపరేటర్‌కి గడియారం చాలా సుఖం. ఎవరు ఆడినా గంటకి ఎన్ని నాణేలు వస్తాయో ముందే తెలిసిపోతుంది. కానీ ఆటగాడికి అందులో ఒక అన్యాయం కనిపిస్తుంది. ఎంత బాగా ఆడినా టైమ్ అయిపోతే దిగిపోవాల్సిందే. నేర్చుకున్నదానికి తగిన ఫలితం లేదు. ఫలితం లేనప్పుడు మళ్లీ నేర్చుకోవడానికి నాణెం ఎందుకు వేస్తాడు?

లైఫ్ అనే ఆలోచనకి నమూనా ఆ పక్కనే ఉన్న పిన్‌బాల్ మెషిన్‌లో దొరికింది. పిన్‌బాల్‌లో నాణేనికి ఇన్ని బంతులు అని లెక్క. ఒక్కో బంతి జారిపోతే ఒక అవకాశం పోయినట్టు. మెషిన్‌లో ఉన్న అమరికతో ఐదు బంతుల ఆటని మూడు బంతుల ఆటగా ఆపరేటరే మార్చుకునేవాడు. బాగా ఆడితే ఒక ఉచిత ఆటో, అదనపు బంతో దొరుకుతుంది. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఉచిత ఆటను జూదం బహుమతి కింద లెక్కగట్టి నిషేధించారు. దాన్ని దాటడానికి 1960లో గాట్‌లీబ్ కంపెనీ ఫ్లిప్పర్ అనే మెషిన్‌లో ఉచిత ఆట బదులు అదనపు బంతి ఇచ్చింది. అది బహుమతి కిందికి రాదు, ఉన్న ఆటే కాస్త పొడుగవుతుంది అన్నది వాళ్ల వాదన. తర్వాతి తరం వీడియో గేముల్లో కనిపించే 'ఎక్స్‌ట్రా లైఫ్' వెనక ఈ వంశచరిత్ర ఉంది.

1978లో టైటో కంపెనీ కోసం తొమోహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఈ బంతుల లెక్కని వీడియో తెర మీదికి తెచ్చి స్థిరపరిచింది. మూడు ఫిరంగులు, స్కోరు 1500 దాటితే ఇంకొకటి. గడియారం లేదు. ఆపరేటర్ భయపడాల్సిన మార్పే ఇది, ఎందుకంటే బాగా ఆడేవాడు ఎంతసేపైనా ఆడవచ్చు. నిషికాడో ఆటలో ఆ భయానికి విరుగుడు కూడా ఉంది. తెర మీద గ్రహాంతర వాసులు తగ్గే కొద్దీ వాళ్ల వేగం పెరుగుతుంది. పైగా వాళ్లు నేలకి దిగితే ఎన్ని లైఫ్‌లు మిగిలినా ఆట ముగిసిపోతుంది. గడియారం తెర మీంచి మాయమై ఆట కష్టంలోకి చేరింది.

ఆ కష్టం ఎంత ఉండాలి అన్నదానికి ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఆట సగటున మూడు నిమిషాలు నడిస్తే గంటకి ఇరవై ఆటలు, అంటే ఖాళీ లేకుండా నడిచినప్పుడు ఐదు డాలర్లు. సగటు ఆరు నిమిషాలైతే రెండున్నర డాలర్లు. మరి నిమిషంలో ముగించేస్తే పదిహేను డాలర్లు రావాలి కదా అంటే, రావు. నిమిషంలో చచ్చిపోయినవాడు మోసపోయినట్టు అనుకుని వెళ్లిపోతాడు. ఆట బాగుండాలి, కానీ తొందరగా అయిపోవాలి. చచ్చినప్పుడు "తప్పు నాదే, ఇంకోసారి అయితే దాటేస్తా" అనిపించాలి. మొత్తం ఆర్కేడ్ డిజైన్ ఆ ఒక్క మాట అనిపించడం కోసం పడిన కష్టమేనని నా అభిప్రాయం.

కంపెనీ ఈ కొలతని పూర్తిగా తన చేతిలో ఉంచుకోలేదు. మెషిన్ లోపల బోర్డు మీద వేలిగోరంత మీటల వరస ఒకటి ఉంటుంది, డిప్ స్విచ్‌లంటారు. పాక్‌మ్యాన్ బోర్డునే చూడండి. లైఫ్‌లు ఒకటా, రెండా, మూడా, ఐదా? అదనపు లైఫ్ 10,000 స్కోరుకా, 15,000కా, 20,000కా, అసలు వద్దా? ఒక నాణేనికి ఒక ఆటా, రెండు ఆటలా, లేక రెండు నాణేలకి ఒక ఆటా? అన్నీ ఆ మీటలతోనే. కుర్రాళ్లు ఎక్కువగా వచ్చే చోట ఒక రకంగా, ఏదో దారిన పోతూ ఒకసారి ఆడే బస్టాండ్‌లో ఇంకో రకంగా ఆపరేటర్ పెట్టుకోవచ్చు. మీరు ఒక పార్లర్‌లో మూడు లైఫ్‌లతో ఆడిన ఆట వేరే పార్లర్‌లో రెండింటితోనే మొదలైతే అది మీ భ్రమ కాదు. ఎవరో తలుపు తెరిచి గోరుతో మీట జరిపారు.

ఈ కొలత ఎక్కడ తప్పుతుందో చూడాలంటే ఆస్టరాయిడ్స్‌ని మించిన ఉదాహరణ లేదు. 1979లో అటారీ నుంచి వచ్చింది. మధ్యలో ఒక చిన్న ఓడ, చుట్టూ తేలే రాళ్లు. రాళ్లన్నీ పేల్చేస్తే ఇంకాసిని రాళ్లతో కొత్త వరస వస్తుంది. అలా వరస వరసకీ కష్టం పెరగాలన్నది ఉద్దేశం. ప్రతి 10,000 స్కోరుకి ఒక అదనపు ఓడ. అప్పుడప్పుడు చిన్న ఎగిరే పళ్లెం వస్తుంది, దాన్ని కొడితే 1000.

ఆటగాళ్లు కొన్నాళ్లకి ఒక కిటుకు పట్టారు. రాళ్లన్నీ పేల్చెయ్యకుండా ఒక్క చిన్న రాయిని వదిలేస్తే? కొత్త వరస రాదు. కష్టం పెరగదు. పళ్లేలు మాత్రం వస్తూనే ఉంటాయి. తెర అంచున కాచుకుని కూర్చుని, వచ్చిన పళ్లేన్ని వచ్చినట్టు కొడుతూ ఉంటే పది పళ్లేలకి ఒక ఓడ. ఒక ఓడ పోయేలోపు రెండు సంపాదించగలిగినవాడికి ఆ ఆట ఎప్పటికీ ముగియదు. కష్టం పెరిగేది రాళ్లు అయిపోయినప్పుడు, లైఫ్ దొరికేది స్కోరు పెరిగినప్పుడు. ఆ రెండింటికీ ముడి లేదు, ఆటగాళ్లు సరిగ్గా ఆ సందులోంచి దూరారు.

ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి 1982 నవంబరులో స్కాట్ సఫ్రాన్ అనే అమెరికన్ కుర్రాడు చేసిన 4,13,36,440 స్కోరు చాలు. 10,000కి ఒకటి చొప్పున లెక్కేస్తే నాలుగు వేలకు పైగా అదనపు ఓడలు. ఆట రెండు రోజులకు పైగా నడిచింది. అలాంటి సుదీర్ఘమైన ఆటల్లో ఆటగాళ్లు ఓడల్ని కుప్పగా పోగేసుకుని, అవి ఒక్కొక్కటే పేలిపోతుంటే ఆ సందులో బాత్‌రూమ్‌కి వెళ్లి వచ్చేవారు. మన మూడు నిమిషాల సగటుతో చూస్తే 48 గంటలంటే 960 ఆటలు, 240 డాలర్లు. పెట్టెలో పడింది పావు డాలరు.

ఆపరేటర్‌ని నిజంగా దెబ్బతీసేది ఇలాంటి రికార్డు కాదు. అది జీవితంలో ఒకసారి జరుగుతుంది, చూడ్డానికి పదిమంది కూడా వస్తారు. రోజూ సాయంత్రం వచ్చి ఒక్క నాణెంతో నలభై నిమిషాలు ఆడి వెళ్లే ముగ్గురు నలుగురు కుర్రాళ్లే అసలు నష్టం. అందుకే 1981లో ఆస్టరాయిడ్స్ డీలక్స్ వచ్చింది. అందులో కాచుకు కూర్చునేవాళ్లని వెంటాడే కొత్త శత్రువుల్ని పెట్టారు, పళ్లేల గురి కూడా మార్చారు. ఆ సీక్వెల్లో సగం రిపేరు పనే.

ఇలాంటి నష్టం జరుగుతోందని ఆపరేటర్‌కి ఎలా తెలుస్తుంది? పెట్టె బరువు ఒక్కటే చూస్తే తెలియదు. 1981 నాటి విలియమ్స్ కంపెనీ డిఫెండర్ లాంటి మెషిన్లు లోపల ఒక పద్దు రాసుకునేవి. తలుపు తీసి బటన్ నొక్కితే ఏ సందులోంచి ఎన్ని నాణేలు, ఎన్ని ఆటలు, గెలుచుకున్న అదనపు ఓడలు ఎన్ని, మొత్తం ఎన్ని నిమిషాలు అన్నవి తెర మీద కనిపిస్తాయి. ఒక ఊహా పద్దు తీసుకుందాం. మొదటి వారం 400 ఆటలు, 1200 నిమిషాలు. సగటు మూడు నిమిషాలు, ఆరోగ్యంగా ఉంది. ఆరు వారాల తర్వాత 220 ఆటలే కనిపించాయి. జనానికి మొహం మొత్తిందని మెషిన్‌ని తీసేద్దామా? ముందు నిమిషాలు చూడాలి. అవి 1540 ఉంటే సగటు ఏడు నిమిషాలు. మెషిన్ మొదటి వారం కంటే ఎక్కువసేపే నడిచింది, ఆడేవాళ్లు ఆరితేరారు, అంతే. అదనపు ఓడ స్కోరు పెంచితే సరిపోతుంది. అదే 220 ఆటలకి 440 నిమిషాలే ఉంటే సగటు రెండు. అప్పుడు ఆట మరీ కఠినంగా ఉండి జనం పారిపోతున్నారు, లేదా జాయ్‌స్టిక్ పాడైంది. నాణేల లెక్క రెండు సందర్భాల్లోనూ ఒకటే, మందు మాత్రం పూర్తిగా వేరు.

ఇక కంటిన్యూ. ఇది లైఫ్‌ల కన్నా తర్వాత వచ్చింది. 1981 నాటి వ్యాన్‌గార్డ్, ఫాంటసీ లాంటి ఆటల్లో, చచ్చిన చోటి నుంచే ఇంకో నాణెం వేసి కొనసాగించే ఏర్పాటు కనిపిస్తుంది. అంతకుముందు ఎందుకు లేదంటే, అవసరం లేదు. ఆస్టరాయిడ్స్‌లో ముందుకెళ్తే కొత్తగా చూడటానికి ఏముంది? అవే రాళ్లు. ఆటగాడు పోటీ పడేది స్కోరు కోసం, స్కోరుకి మొదటి నుంచి మొదలుపెట్టడమే న్యాయం. ఎప్పుడైతే ఆటలో రకరకాల స్టేజీలు, చివర ఒక పెద్ద విలన్, ఒక ముగింపు వచ్చాయో, అప్పుడు నాణెం కొనే వస్తువు మారిపోయింది. "తర్వాత ఏముంది" అన్న కుతూహలం అమ్మకానికి వచ్చింది.

పది నుంచి దిగే ఆ అంకెల్ని ఈ కోణంలోంచి చూస్తే చాలా నిశితమైన పనితనం కనిపిస్తుంది. జేబులో నాణెం ఉన్నవాడికి పది సెకన్లు బాగా సరిపోతాయి. ఇంటికెళ్లే బస్సుకి డబ్బులు మిగిలాయా అని ఆలోచించడానికి సరిపోవు. ఎవరూ నాణెం వెయ్యకపోతే మెషిన్ వెంటనే తర్వాతివాడికి ఖాళీ అవ్వాలి, కాబట్టి ఇంకా ఎక్కువసేపు ఆగదు. చాలా ఆటల్లో బటన్ నొక్కితే అంకెలు ఇంకా వేగంగా దిగుతాయి. ఆ కొద్ది సెకన్లని కూడా కథలో కలిపేశారు. ఫైనల్ ఫైట్‌లో హీరోని కట్టేసి పక్కన డైనమైట్ వత్తి వెలిగిస్తారు. 1988 నాటి నింజా గైడెన్ ఆర్కేడ్ ఆటలో కట్టేసి ఉన్న హీరో మీదికి గిరగిరా తిరిగే రంపం దిగుతూ ఉంటుంది. నాణెం వేస్తే బతుకుతాడు. పిల్లలు ఆ తెర చూసి నిజంగానే కంగారుపడేవారు, నేనూ పడ్డాను.

కంటిన్యూ లెక్క వేరుగా నడుస్తుంది. ముస్తఫా లాంటి ఆట మొదటి నుంచి చివరిదాకా నలభై నిమిషాలు అనుకుందాం. ఒక మామూలు ఆటగాడు ఆ నలభై నిమిషాల్లో పన్నెండు నాణేలు వేశాడనుకుంటే, పావు డాలరు చొప్పున మూడు డాలర్లు. గంటకి నాలుగున్నర. ఇరవై మంది వేరువేరుగా మూడు నిమిషాలు ఆడితే వచ్చిన ఐదు డాలర్లకి ఇది దాదాపు సమానం. కానీ ముస్తఫా మెషిన్ ముందు ముగ్గురు నిలబడి ఒకేసారి ఆడతారు. ముగ్గురూ అలాగే వేస్తే గంటకి పదమూడున్నర. మెషిన్ అదే, పార్లర్‌లో అది ఆక్రమించే చోటు అదే. 80ల చివర్లో ముగ్గురు నలుగురు ఆడే కొట్లాట ఆటలు గుట్టలుగా వచ్చిపడటానికి కారణం ఇక్కడుంది. ఒకడు చచ్చి అంకెలు దిగుతుంటే మిగతా ఇద్దరు వాడిని వదిలేసి ముందుకెళ్లలేరు, అరిచి మరీ వేయిస్తారు. మన పక్కనున్నవాడు "వెయ్యరా" అన్నది అందుకే.

కంటిన్యూ వచ్చాక కష్టం స్వభావం కూడా మారింది. లైఫ్‌ల కాలంలో కష్టం మెల్లగా పెరగాలి, లేకపోతే మోసం అనిపిస్తుంది. కంటిన్యూ ఉన్నప్పుడు స్టేజీ చివరి విలన్ దగ్గర ఒక్కసారిగా గోడ కట్టినా ఫర్వాలేదు. ఎలాగూ చచ్చిన చోటే లేస్తాడు, విలన్‌కి తగిలిన దెబ్బలు అలాగే ఉంటాయి. నేర్చుకుని దాటాల్సిన చోట నాణేలతో దాటొచ్చు. ఇందులో ఆపరేటర్‌కి ఒక నష్టం దాగుంది. ముగింపు ఒకసారి చూసేశాక కుతూహలం చచ్చిపోతుంది. అలాంటి మెషిన్ మొదటి వారాల్లో బాగా సంపాదించి తొందరగా చల్లబడుతుంది.

డబ్బుతో దాటినవాడికీ నేర్చుకుని దాటినవాడికీ తేడా ఉండాలని పట్టుబట్టిన డిజైనర్లూ ఉన్నారు. చాలా ఆటల్లో కంటిన్యూ చేస్తే స్కోరు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. జపాన్ షూటింగ్ ఆటల్లో ఇంకో ముచ్చటైన పద్ధతి ఉంది. ఆ ఆటల్లో స్కోరు పదుల్లోనే పెరుగుతుంది, కాబట్టి ఒకట్ల స్థానంలో ఎప్పుడూ సున్నానే. కంటిన్యూ చేసిన ప్రతిసారీ ఆ స్థానంలో ఒకటి కలుపుతారు. పట్టికలో ఎవరి స్కోరైనా 3తో ముగిసిందంటే వాడు మూడు నాణేలు అదనంగా వేశాడని చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది. సున్నాతో ముగిసిన స్కోరుకే గౌరవం.

మధ్యలో తేలిన ప్రశ్న ఇది: ఎంతసేపైనా ఆడగల గట్టి ఆటగాడిని ఆపరేటర్ ఏం చెయ్యాలి? గడియారం అతన్ని అవమానించింది. లైఫ్‌లు అతనికి మెషిన్‌ని రాసిచ్చేశాయి. ఆస్టరాయిడ్స్ చేసినవాళ్లలో ఒకడైన ఎడ్ లాగ్ 1985లో అటారీలో గాంట్లెట్ అనే ఆటతో ఒక జవాబు చెప్పాడు. నలుగురు ఆడొచ్చు, ఎవరికీ లైఫ్‌లు లేవు. బదులుగా ప్రాణశక్తి అంకె ఒకటుంటుంది. ఏమీ చెయ్యకుండా నిలబడినా అది తరిగిపోతూనే ఉంటుంది. తిండి దొరికితే పెరుగుతుంది, దెబ్బ తగిలితే తగ్గుతుంది, ఎప్పుడైనా సరే నాణెం వేస్తే ఇంకొంత కలుస్తుంది. గడియారం, లైఫ్, కంటిన్యూ మూడింటినీ ఒకే అంకెలో కలిపేశారు. ఒక మూల కాచుకు కూర్చునే కిటుకు ఇక్కడ పారదు. మంచి ఆటగాడికి ఆట పొడుగవుతుంది గానీ, కాలం అతని దగ్గర కూడా అద్దె వసూలు చేస్తూనే ఉంటుంది.

అంతకన్నా చక్కటి జవాబు 1991లో వచ్చింది, స్ట్రీట్ ఫైటర్ 2. దీంట్లో మెషిన్ ఆటగాడిని చంపాల్సిన పనే లేదు. ఆ పని ఇంకో ఆటగాడు చేస్తాడు. ఒకడు ఒంటరిగా ఆడుతుంటే మధ్యలో ఎవడైనా నాణెం వేసి సవాలు విసరొచ్చు. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడు ఉంటాడు, ఓడినవాడు దిగిపోతాడు లేదా మళ్లీ వేస్తాడు. పోటీ మొత్తం రెండు మూడు నిమిషాల్లో తేలిపోతుంది. ప్రతి పోటీకీ పెట్టెలో కనీసం ఒక కొత్త నాణెం పడుతుంది. ఆపరేటర్ ఇరవై ఏళ్లుగా మీటలు జరిపి సాధించాలని చూసిన సగటు ఇక్కడ దానంతటదే వచ్చేసింది.

ఆస్టరాయిడ్స్ దగ్గర ఆపరేటర్‌ని ఏడిపించిన ఆ ఆరితేరిన కుర్రాడే ఇక్కడ సాయంత్రమంతా ఒకే నాణెంతో నిలబడతాడు. వాడిని ఓడించాలని వచ్చినవాళ్లు తమ వంతు గుర్తుగా తెర కింది అంచు మీద పావు డాలర్లు వరసగా పేర్చేవారు. ఒక్కో పోటీ అయ్యే కొద్దీ ఆ వరసలోంచి ఒక్కో నాణెం సందులోకి వెళ్తుంది, వెనక ఇంకొకటి చేరుతుంది. వాడు ఎంతసేపు గెలిస్తే ఆ వరస అంత పొడుగు.